తోటి ఇంటర్న్ పని చేయకపోతే: చాడీ చెప్పకుండా, అంతా మీరే మోయకుండా ఏం చేయాలి

"ప్రాజెక్టు ఇద్దరికీ ఇచ్చారు, పని మాత్రం నేనొక్కదాన్నే చేస్తున్నాను. మెంటర్‌కు చెప్పమంటారా?" హైదరాబాద్‌లో బీటెక్ చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్పులు మొదలైన మూడు నాలుగు వారాలకు ఈ ప్రశ్న నాకు వరుసగా వస్తుంది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే రెండింట్లో ఒకటి చేసి ఉంటారు. మొహమాటపడి రెండో మనిషి వాటా కూడా రాత్రిళ్లు కూర్చుని తామే పూర్తి చేస్తుంటారు. లేదా మూడు వారాలు నోరు విప్పకుండా ఉండి, ఒక రాత్రి ఉక్రోషం ఆపుకోలేక మెంటర్‌కు పొడవాటి మెయిల్ రాసేస్తారు. మొదటి పద్ధతిలో మీరు నలిగిపోతారు, పని ఆగిందన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. రెండో పద్ధతిలో అవతలి మనిషికి తన మాట చెప్పుకునే వీలుండదు, మీరు చెప్పింది నిజమే అయినా చాడీలా వినిపిస్తుంది.

కింద రాసిన పద్ధతికి సుమారు రెండు వారాలు పడుతుంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌లే కాబట్టి ఉదాహరణ కూడా అక్కడిదే తీసుకున్నాను. మీ పని నివేదికలు, డిజైన్లు, సర్వేలు అయితే కోడ్ మార్పులు నమోదు చేసే గిట్ అన్నచోట ఉమ్మడి ఫైలులో కనిపించే పాత మార్పుల చరిత్ర అని చదువుకోండి.

ఒక హద్దు ముందే చెబుతాను. ఇది పని జరగని సమస్యకు మాత్రమే. తోటి ఇంటర్న్ మిమ్మల్ని దూషిస్తున్నా, వేధిస్తున్నా ఈ రెండు వారాలు ఆగవలసిన పని లేదు, ఆ రోజే మెంటర్‌కో హెచ్ఆర్‌కో చెప్పండి. పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ట్రైనీలకు కూడా వర్తిస్తుంది, సంస్థలోని అంతర్గత కమిటీకి మీరు నేరుగా ఫిర్యాదు చేయవచ్చు.

దగ్గర ఉంచుకోవలసినవి

- మెంటర్ పని అప్పగించినప్పటి మెయిల్ లేదా సందేశం.
- ఎవరు ఏం చేయాలో రాసి ఉన్న చోటు: టికెట్ల బోర్డు, షీటు, ఏదైనా సరే. ఎక్కడా రాసి లేకపోతే మీ మొదటి పని అదే.
- ప్రాజెక్టు రిపాజిటరీ మీ కంప్యూటర్‌లో.
- మూడు తేదీలు: మధ్య రివ్యూ, చివరి డెమో, తోటి ఇంటర్న్ కాలేజీలో మిడ్ పరీక్షలు. మూడోది ఎవరూ అడగరు, సగం గొడవలు అక్కడే పుడతాయి.
- ఒక చిన్న నోటు. అందులో తేదీ, అనుకున్న పని, జరిగిన పని తప్ప మరేమీ రాయకండి. "మళ్లీ ఎగ్గొట్టాడు" అని రాయడం మొదలుపెడితే అది రికార్డు కాదు, మీ కోపం.

పద్ధతి తేలికగా అర్థం కావడానికి ఒక జంట సంగతి చెబుతాను. అమ్మాయిది ఖమ్మం, మాదాపూర్‌లో హాస్టల్. అబ్బాయి ఉప్పల్ నుంచి రోజూ మెట్రోలో రాయదుర్గం వరకూ వచ్చేవాడు. ఎనిమిది వారాల ప్రాజెక్టు. ఒక సంస్థకు వచ్చే ఫిర్యాదులను నెలల వారీగా, ప్రాంతాల వారీగా చూపించే డ్యాష్‌బోర్డు తయారు చేయాలి. సీఎస్‌వీ ఫైళ్లు చదివి డేటాబేస్‌లో పెట్టడం, అక్కడి నుంచి సమాచారం ఇచ్చే ఏపీఐ రాయడం ఆమె వాటా. లాగిన్, ఐదు చార్టులున్న తెర అతని వాటా. మూడో వారం శుక్రవారానికి ఆమె ఏపీఐ సిద్ధంగా ఉంది. అతని వైపు నుంచి ఒక్క వరుస కోడ్ కూడా రాలేదు. రోజూ ఉదయం జట్టు కలిసి మాట్లాడుకునే స్టాండప్‌లో మాత్రం "అవుతోంది" అనేవాడు.

అడుగు 1: పని నిజంగా పంచుకున్నారో లేదో చూడండి

"నువ్వు ఫ్రంటెండ్ చూసుకో, నేను బ్యాకెండ్ చూసుకుంటా" అని క్యాంటీన్‌లో అనుకోవడం పంపకం కాదు. ఏ తెర, ఏ తేదీకి, ఎలా ఉంటే పూర్తయినట్టు అన్నవి రాతలో లేకపోతే "చేయలేదు" అనడానికి మీ దగ్గర ఆధారం లేనట్టే. తను అసలు మొదలుపెట్టే వేళ కాలేదనుకుంటూ ఉండవచ్చు. ముఖ్యంగా ఏపీఐ పూర్తయ్యాకే చార్టులు మొదలుపెట్టాలని అనుకునే ఫ్రంటెండ్ ఇంటర్న్‌లు చాలామంది ఉంటారు.

ఇక్కడే మీ వైపు కూడా ఒకసారి చూసుకోండి. మెయిన్ కోడ్‌లో కలపమని తను పంపిన పుల్ రిక్వెస్ట్ మీ రివ్యూ కోసం నాలుగు రోజులుగా ఎదురుచూస్తోందా? తను రాసింది నచ్చక మీరే చెరిపి మళ్లీ రాశారా? అలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఎవరూ రాయరు. పైకి అది బద్ధకంలా కనిపిస్తుంది.

రాత లేకపోతే ఇప్పుడు రాయండి. తప్పు పట్టే ధోరణిలో కాకుండా "రివ్యూ వస్తోంది కదా, ఇద్దరం ఏం చేస్తున్నామో ఒకచోట పెడదాం" అని మొదలుపెడితే చాలు.

అడుగు 2: రికార్డు చూడండి, దాన్నే తీర్పు అనుకోకండి

చాలామంది మెయిన్ బ్రాంచ్ చరిత్ర తెరిచి, అందులో తోటి ఇంటర్న్ పేరు లేదని చూసి అక్కడితో ఆగిపోతారు. మెయిన్‌లో కలపని పని అందులో కనిపించదు. అందుకని ఇలా చూడండి:

```
git fetch --all
git shortlog -sne --all --no-merges --since="3 weeks ago"
git branch -r --sort=-committerdate
```

మొదటి వరుస సర్వర్ మీద ఉన్నదంతా తెస్తుంది. రెండోది అన్ని బ్రాంచీల్లో, ఈ మూడు వారాల్లో, ఎవరి పేరుతో ఎన్ని కమిట్లు ఉన్నాయో చూపిస్తుంది. మూడోది ఏ బ్రాంచ్‌లో ఇటీవల కదలిక ఉందో, కొత్తవి పైన వచ్చేలా చూపిస్తుంది.

ఈ అంకెలు నాలుగు రకాలుగా మోసం చేస్తాయి. ఒకే మనిషి ఆఫీసు మెయిల్‌తో కొన్ని, సొంత మెయిల్‌తో కొన్ని కమిట్లు చేస్తే రెండు వరుసలుగా కనిపిస్తాడు. స్క్వాష్ చేసి కలిపే జట్టులో ఇరవై కమిట్లు కలిసి ఒక్కటవుతాయి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే కంప్యూటర్ మీద రాస్తే కీబోర్డు ఎవరి ముందుంటే వాళ్ల పేరే పడుతుంది. అలా కూర్చున్న రోజు కమిట్ సందేశం కింద, ఒక ఖాళీ వరుస వదిలి, రెండో మనిషి పేరు చేర్చడం న్యాయం:

```
Co-authored-by: Name <name@example.com>
```

నాలుగోది అన్నింటికంటే పెద్దది. పుష్ చేయని పని ఎక్కడా కనిపించదు, అది వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఇక తెరల నమూనా గీయడం, పరీక్షించి తప్పులు పట్టడం, క్లయింట్ వైపు మనుషులతో మాట్లాడి డేటా తెప్పించడం లాంటివి గిట్‌కు ఎక్కనే ఎక్కవు. కాబట్టి కమిట్ల లెక్క చూసి "నావి నలభై, తనవి మూడు" అని ఎవరితోనూ అనకండి. అనుభవమున్న మెంటర్ ఆ వాక్యం వినగానే మీ మీద అనుమానపడతాడు. అంకె సున్నా అయితే మాత్రం అది అడగదగిన ప్రశ్నే. అంతకు మించి దానికి విలువ లేదు.

మన ఖమ్మం అమ్మాయికి వచ్చింది సున్నాయే. అన్ని బ్రాంచీల్లోనూ అదే.

అడుగు 3: విడిగా, ఎదురుగా మాట్లాడండి

స్టాండప్‌లో అడగకండి, అక్కడ పదిమంది ముందు ఎవరైనా "అవుతోంది" అనే అంటారు. ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపులో అసలు అడగకండి. మధ్యాహ్నం భోజనం తర్వాత టీ తాగేటప్పుడో, సాయంత్రం మెట్రో స్టేషన్‌కు నడిచేటప్పుడో పావుగంట చాలు. మూడో మనిషి ఉండకూడదు.

మొదటి వాక్యం ముఖ్యం. "నువ్వు ఏమీ చేయడం లేదు" అంటే అక్కడితో మాట తెగిపోతుంది. "ఎందుకు చేయడం లేదు?" అన్నా అంతే. ఇలా అడిగి చూడండి: "ఏపీఐ సిద్ధంగా ఉంది, చార్టుల బ్రాంచ్ కోసం చూస్తే నాకు కనిపించలేదు. ఎక్కడి వరకు వచ్చింది? ఒకసారి తెర మీద చూపిస్తావా?" చూపించమని అడగడంలోనే కిటుకు ఉంది. మాటల్లో ఎనభై శాతం అయిన పని తెర మీద ఎంతో అక్కడే తేలిపోతుంది, మీరు అబద్ధమని అనవలసిన అవసరమూ రాదు.

ఆ తర్వాత మీరు మాట్లాడకండి. ఖాళీని నింపాలనిపిస్తుంది, నింపకండి.

మీకు వచ్చే జవాబు దాదాపుగా ఈ నాలుగింట్లో ఒకటి. ఒక్కోదానికి మందు వేరు.

*అడ్డంకి ఉంది, చెప్పలేదు.* అనుమతి రాలేదు, ల్యాప్‌టాప్ ఆలస్యంగా వచ్చింది, వీపీఎన్ కలవడం లేదు. మొదటి వారంలో చెప్పి ఉంటే ఇది మామూలు విషయం. మూడో వారంలో చెప్పాలంటే సిగ్గు, ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతారని భయం. ఇక్కడ మీరు చేయగలిగింది ఆ రోజే పక్కన కూర్చుని టికెట్ పెట్టించడం.

*పని రాదు.* లైబ్రరీ కొత్తది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఇది ఎవరూ నోటితో చెప్పరు. "చూస్తున్నాను", "నేర్చుకుంటున్నాను" అనే మాటల్లో వినిపిస్తుంది. ఒక గంట కలిసి కూర్చుని మొదటి చార్టు తన చేత రాయించండి. మీరు రాసి ఇవ్వకండి.

*వేరే భారం ఉంది.* మిడ్ పరీక్షలు, కాలేజీలో ప్రాజెక్టు రివ్యూ, 75 శాతం హాజరు కోసం లెక్చరర్ల చుట్టూ తిరగడం, ఇంట్లో అనారోగ్యం. ఇంటి సంగతులు గుచ్చి అడగకండి. "ఎప్పటినుంచి వీలవుతుంది? అప్పటిదాకా ఏది తగ్గించుకుందాం?" అన్న రెండు ప్రశ్నలు చాలు. వారం దాటేలా ఉంటే తనే మెంటర్‌కు చెప్పుకోవాలి, ఆ మాట మీరే సున్నితంగా గుర్తు చేయండి.

*ఆసక్తి లేదు.* వేరే చోట ఆఫర్ చేతిలో ఉంది, ఇక్కడ సర్టిఫికెట్ చాలు. కొందరు ఈ మాట నవ్వుతూ చెప్పేస్తారు. నిజానికి వీళ్లతోనే తేలిక, ఎందుకంటే ఊహలు అక్కర్లేదు. బతిమాలకండి, ఉపన్యాసం ఇవ్వకండి. అడుగు 4 ఒక్కసారి చేసి, అది తప్పితే నేరుగా అడుగు 6కు వెళ్లండి.

ఉప్పల్ అబ్బాయి విషయంలో మొదటి రెండూ కలిసి ఉన్నాయి. అతనికి రిపాజిటరీ చదివే అనుమతి మాత్రమే ఇచ్చారు. పుష్ చేసిన ప్రతిసారీ ఇది వచ్చేది:

```
The requested URL returned error: 403
```

తన సెట్టింగుల్లోనే ఏదో తప్పుందనుకుని వారం రోజులు వాటితోనే కుస్తీ పట్టాడు. ఎవరినీ అడగలేదు. అనుమతి సంగతి సోమవారం తేలిపోయింది. కానీ ల్యాప్‌టాప్ తెరిచి చూపించమంటే అక్కడ ఉన్నది కూడా సగం గీసిన ఒక లాగిన్ పేజీయే. అంటే అడ్డంకి నిజం, అడ్డంకి ఒక్కటే కారణం అన్నది నిజం కాదు. ఇలా సగం సగం కారణాలే ఎక్కువ చోట్ల దొరుకుతాయి. మీకు కూడా అలాంటిదే దొరికితే, సానుభూతి కలిగించిన సగాన్ని చూసి మిగతా సగాన్ని వదిలేయకండి.

అడుగు 4: చిన్న పని, ఒక తేదీ, కంటికి కనిపించే ఫలితం

"ఇకనుంచి బాగా చేద్దాం" అని చేతులు కలిపి లేచిపోతే మీ మాటలన్నీ వృథా. లేచే ముందే ఒక పని ఒప్పుకోవాలి. అది రెండు మూడు రోజుల్లో అయ్యేంత చిన్నదిగా ఉండాలి, అయిందో లేదో చూడగానే తెలియాలి, మీ పని మీద ఆధారపడకూడదు.

"చార్టులు పూర్తి చెయ్యి" అనేది చాలా పెద్దది. వాళ్లిద్దరూ ఒప్పుకున్నది ఇది: నెలవారీ ఫిర్యాదుల చార్టు ఒక్కటి, ఏపీఐ జోలికి పోకుండా ఫైలులో చేత్తో రాసిన పన్నెండు అంకెలతో, బుధవారం సాయంత్రం ఐదింటికి పుల్ రిక్వెస్ట్‌గా. ఆ సాయంత్రమే ఆమె పంపిన సందేశం:

"మనం అనుకున్నది: నెలవారీ చార్టు, బుధవారం ఐదుకల్లా పుల్ రిక్వెస్ట్. నేను అదే రోజు రివ్యూ చేస్తా. ఎక్కడైనా ఆగితే మంగళవారం మధ్యాహ్నానికల్లా చెప్పు, కలిసి చూద్దాం. నేను ఏదైనా తప్పుగా రాస్తే సరిచెయ్యి."

ఇది విడిగా అతనికి మాత్రమే వెళ్లింది, మెంటర్‌ను చేర్చలేదు. చివరి వాక్యం అలంకారం కాదు. తర్వాత ఎప్పుడైనా "నేను అలా ఒప్పుకోలేదు" అన్న మాట వస్తే, సరిచేసే అవకాశం అప్పుడే ఇచ్చారన్నది మీకు రక్ష. మధ్యలో ఒక ఆగే చోటు, అంటే ఇక్కడ మంగళవారం, పెట్టడం కూడా మరువకండి. గడువు రోజున తెలిసే ఆలస్యం కంటే ముందు రోజు తెలిసే ఆలస్యం సగం నష్టమే చేస్తుంది.

ఆ చార్టు బుధవారం రాలేదు, గురువారం ఉదయం వచ్చింది. దాన్ని వచ్చినట్టే లెక్కపెట్టండి. మొదటి గడువు ఒక పూట తప్పితే మాట్లాడకుండా రివ్యూ చేయండి, బాగున్నచోట బాగుందని రాయండి.

అడుగు 5: వాళ్ల వాటా చేయకండి, మీ వాటా ఆగనివ్వకండి

అందరూ జారిపోయేది ఇక్కడే. డెమో దగ్గర పడుతుంటే "నేను చేస్తే రెండు గంటలు" అనిపిస్తుంది. చేసేస్తే ఆ రెండు గంటలతో పోదు. తర్వాతి చార్టు కూడా మీదే అవుతుంది. పైగా ఆ తర్వాత మెంటర్‌కు ఏం చెప్పినా "మరి పని అయిపోయింది కదా" అంటాడు.

మీ పని మాత్రం వాళ్ల పని కోసం ఎదురుచూడకూడదు. తెర లేకపోయినా ఏపీఐ సరిగ్గా పనిచేస్తోందని చూపించే పరీక్షలు రాయండి, అవసరమైతే డెమోలో జవాబులు చూపించడానికి ఒక సాదా పట్టిక పేజీ పెట్టుకోండి. మీరు ఫ్రంటెండ్ అయితే తిరగేయండి: ఏపీఐ రాకపోతే అదే ఆకారంలో ఉన్న నకిలీ జవాబుల ఫైలుతో తెర పూర్తి చేయండి. ఆ ఆకారం ఇద్దరూ ముందే ఒప్పుకుని రాసిపెట్టుకోవాలి, లేకపోతే చివర్లో రెండూ అతకవు.

ఒక మినహాయింపు ఉంది. తన పని ఆగడం వల్ల క్లయింట్‌కు వెళ్లవలసినది ఈరోజే ఆగిపోతుంటే చేసేయండి, అయితే చేశానని అందరికీ కనిపించేలా టికెట్‌లో రాయండి. రహస్యంగా చేసిన సాయం ఇద్దరికీ చేటే.

అడుగు 6: రెండోసారి తప్పితే, ముందు తనకు చెప్పి, ఆపై మెంటర్‌కు

రెండో గడువు కూడా, ముందుగా ఏమీ చెప్పకుండా, ఒకటి రెండు రోజులకు మించి తప్పితే ఇక మెంటర్‌కు చెప్పడంలో అన్యాయం లేదు. అయితే పరీక్షల తేదీలు ఒకసారి చూసుకోండి. ఆ వారంలో మిడ్‌లు ఉంటే ఆ గడువును లెక్కలోకి తీసుకోకండి.

ముందు తనతో: "రెండోదిగా అనుకున్న ప్రాంతాలవారీ చార్టు ఇంకా రాలేదు. డెమోకు మూడు వారాలే ఉంది, ఏది తగ్గించుకోవాలో సార్‌ను అడగాలనుకుంటున్నాను. రేపు పొద్దున రాస్తాను, నిన్నూ అందులో చేరుస్తాను. నువ్వే ముందు చెబుతానంటే అదింకా మంచిది." ఇది బెదిరింపులా వినిపించకూడదు. అందుకే ఫోన్‌లో రాయకుండా ఎదురుగా చెప్పండి. కొందరు ఆ రాత్రే పని పూర్తి చేసి పంపిస్తారు. పంపితే సంతోషం, కానీ మిగిలిన పనికి తేదీలు కుదరకపోతే మెయిల్ ఆపకండి.

ఆమె రాసిన మెయిల్ సారాంశం ఇది. ఇంగ్లీషులో రాసినా వరుస ఇలాగే ఉంచండి:

"సర్, డ్యాష్‌బోర్డు ఎక్కడి వరకు వచ్చిందో చెప్పడానికి రాస్తున్నాను. ఏపీఐ పూర్తయింది. ఐదు చార్టుల్లో ఒకటి మెయిన్‌లో కలిసింది. రెండోది ఈ బుధవారానికి అనుకున్నాం, ఇంకా రాలేదు. లాగిన్ సగంలో ఉంది. మొదటి మూడు వారాలు పుష్ చేసే అనుమతి లేకపోవడం వల్ల కొంత ఆలస్యమైంది, అది నాలుగో వారం మొదట్లో తీరింది. ఈ వేగంతో డెమోకు మూడు చార్టులు అవుతాయనుకుంటున్నాం. లాగిన్ వదిలేసి చార్టులే పూర్తి చేయమంటారా, లేక పని మళ్లీ పంచుకోమంటారా? తనతో మాట్లాడే రాస్తున్నాను, తననూ ఇందులో చేర్చాను."

ఈ మెయిల్‌లో మనిషి గుణం గురించి ఒక్క మాట లేదు. అతనికి అనుకూలమైన విషయం, అంటే అనుమతి లేకపోవడం, ఉంది. అది వదిలేసి ఉంటే మెయిల్ ఇంకా పదునుగా ఉండేది, కానీ అతను ఆ మాట చెప్పిన మరుక్షణం మిగతావన్నీ నమ్మదగనివిగా మారేవి. చివర్లో ఉన్నది ఫిర్యాదు కాదు, మెంటర్ తీసుకోవలసిన నిర్ణయం. మెంటర్ తేలిగ్గా జవాబు ఇవ్వగలిగేది దానికే.

పంపే ముందు ఒక పరీక్ష: ఈ మెయిల్‌ను తోటి ఇంటర్న్ పక్కన కూర్చుని గట్టిగా చదవగలరా? ఏ వాక్యం దగ్గర గొంతు తడబడుతుందో ఆ వాక్యం తీసేయండి. రాత్రి పది తర్వాత రాసిందైతే పొద్దున మళ్లీ చదవకుండా పంపకండి.

మెంటర్‌ను దాటి మేనేజర్‌కో హెచ్ఆర్‌కో వెళ్లడం ఈ దశలో తగదు. మెంటర్ వారం రోజులు ఏమీ చెప్పకపోతే అదే మెయిల్ కింద గుర్తు చేయండి, ఆ తర్వాత ముఖాముఖి పది నిమిషాలు అడగండి. "ఇద్దరూ సర్దుకోండి" అనేవాళ్లూ ఉంటారు. అప్పుడు "అలాగే సర్, అయితే డెమోలో వీటిని మాత్రమే చూపిస్తాం" అని తగ్గించిన జాబితా ఒకటి పంపి సరేననిపించుకోండి. మీకు కావలసింది తోటి ఇంటర్న్‌కు శిక్ష కాదు, మీరు ఎంతవరకు బాధ్యులో తేల్చుకోవడం.

తరచూ చేసే పొరపాట్లు

మిగతా ఇంటర్న్‌లకు ముందు చెప్పుకోవడం అన్నింటికంటే చెడ్డది. హాస్టల్ గదిలో చెప్పిన మాట రెండు రోజుల్లో ఆఫీసు క్యాబ్‌లో వినిపిస్తుంది. తోటి ఇంటర్న్‌కు తన గురించి మూడో మనిషి ద్వారా తెలిస్తే ఇక అడుగు 3 పనిచేయదు.

స్క్రీన్‌షాట్లు పోగుచేయడం ఇంకొకటి. అర్ధరాత్రి పంపిన సందేశాలకు జవాబు రాలేదని చూపించే స్క్రీన్‌షాట్, తన బద్ధకాన్ని కాకుండా మీ అర్ధరాత్రి సందేశాలను చూపిస్తుంది. మీ నోటులోని తేదీలు చాలు.

ఇంటర్న్‌షిప్ చివర్లో ఇచ్చే ఉద్యోగం, అంటే పీపీఓ, ఒక్కరికే వస్తుందన్న గుసగుస ఉన్నచోట జాగ్రత్త ఇంకా అవసరం. అక్కడ తోటివాళ్ల తప్పు మీకు కొంత తీపిగా కూడా ఉంటుంది, ఒప్పుకోవడం కష్టమే. ఆ ఉద్యోగం సంగతి లేకపోయినా ఇదే మెయిల్ ఇదే రోజు రాసేవాళ్లా అని ఒకసారి అడిగి చూసుకోండి.

ఫలితం వచ్చిందని ఎలా తెలుస్తుంది

తోటి ఇంటర్న్ మారిపోయాడా అని చూడకండి. పని ఎలా కదులుతోందో చూడండి. ఆలస్యం గడువు తర్వాత కాకుండా ముందే మీకు తెలుస్తోందా? పుల్ రిక్వెస్ట్‌లు చిన్నవైనా వారానికి ఒకటి రెండు వస్తున్నాయా? స్టాండప్‌లో "అవుతోంది" పోయి "ఇది అయింది, ఇక్కడ ఆగాను" అనే మాట వస్తోందా? ఈ మూడింట్లో రెండు కనిపిస్తే పద్ధతి పనిచేస్తున్నట్టే. ఒక్కటీ కనిపించక మీరు రాత్రి తొమ్మిది దాకా ఆఫీసులోనే ఉంటుంటే మీరు అడుగు 5లో జారిపోయారని అర్థం.

ఆ జంట విషయానికి వస్తే, మెంటర్ లాగిన్ తీసేశాడు, చార్టులు మూడుకు తగ్గించాడు, వారానికి రెండుసార్లు పావుగంట ఇద్దరితో కూర్చున్నాడు. అబ్బాయి గొప్పగా ఏమీ మారలేదు. మూడో చార్టు డెమోకు ముందు రోజు మధ్యాహ్నం వచ్చింది, రంగులు సరిగ్గా లేవు. కానీ మూడూ అతనివే.

డెమోలోనూ, కాలేజీకి ఇచ్చే నివేదికలోనూ ఎవరు చేసింది వాళ్ల పేరుతోనే ఉండాలి. "మేము" అని అంతా కలిపి రాస్తే వైవాలో తను దొరికిపోతాడు, "నేను" అని అంతా రాస్తే మీరు అబద్ధం ఆడినట్టు. స్లైడ్‌లో ఒక చిన్న పట్టిక చాలు: సీఎస్‌వీ చదవడం, డేటాబేస్, ఏపీఐ, పరీక్షలు ఒకరి పేరు కింద, మూడు చార్టుల తెర ఇంకొకరి పేరు కింద, తీసేసిన లాగిన్ "ఈ దశలో లేదు" అని. ఆ స్లైడ్ డెమోకు ముందు రోజే తోటి ఇంటర్న్‌కు పంపించి సరేననిపించుకోండి.